‘షుగర్ ఫ్రీ’ బిస్కెట్‌లో కేలరీలు ఎందుకు తగ్గవు? ప్యాకెట్ వెనక లెక్క

క్లుప్తంగా: ప్యాకెట్ ముందు రాసే ‘షుగర్ ఫ్రీ’, ‘లో ఫ్యాట్’ లాంటి మాటలకు చట్టంలో కచ్చితమైన కొలతలున్నాయి. ఆ మాట ఏదో ఒక్క పోషకం గురించే చెబుతుంది. బరువును నడిపించేది మొత్తం శక్తి, అంటే కేలరీలు. ఆ అంకె ప్యాకెట్ వెనక పట్టికలో ఉంటుంది. తాగే వాటిలో చక్కెర తీసేస్తే ఆ చోటు నీళ్లతో నిండుతుంది కాబట్టి కేలరీలు నిజంగానే తగ్గుతాయి. బిస్కెట్, స్వీటు లాంటి గట్టి పదార్థాల్లో ఆ చోటును మరో తిండి పదార్థం నింపుతుంది కాబట్టి చాలాసార్లు తగ్గవు.

నెల్లూరు ట్రంకు రోడ్డులోనో, ఒంగోలు కర్నూలు రోడ్డులోనో సూపర్ మార్కెట్‌కు వెళితే షుగర్ ఫ్రీ బిస్కెట్లు, లో ఫ్యాట్ పెరుగు కప్పులు, డైట్ మిక్స్చర్ ప్యాకెట్లు వరుసగా కనిపిస్తాయి. మామూలు వాటికంటే ధర ఎక్కువైనా కొంటారు. డాక్టరు బరువు తగ్గమన్నారు కాబట్టి ఇవి తింటే తగ్గుతామని చాలామంది అనుకుంటారు. కొన్ని నెలల తర్వాత కాటా అలాగే ఉంటే, కంపెనీ అబద్ధం రాసిందేమోనన్న అనుమానం వస్తుంది. చాలా సందర్భాల్లో కంపెనీ రాసింది అక్షరాలా నిజమే. అసలు చిక్కు కూడా అక్కడే ఉంది.

చట్టం ఏం చెబుతోంది

ఆహార ప్యాకెట్ల మీద ఏ మాట రాయవచ్చో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం గట్టి పదార్థంలో 100 గ్రాములకు చక్కెరలు అర గ్రాము దాటకపోతే ‘షుగర్ ఫ్రీ’ అనవచ్చు. 5 గ్రాములు దాటకపోతే ‘లో షుగర్’. కొవ్వు 100 గ్రాములకు 3 గ్రాములు దాటకపోతే ‘లో ఫ్యాట్’, అర గ్రాము దాటకపోతే ‘ఫ్యాట్ ఫ్రీ’.

ఈ వరుసలోనే ‘లో క్యాలరీ’ అన్న మాటకూ కొలత ఉంది. గట్టి పదార్థమైతే 100 గ్రాములకు 40 కిలో కేలరీలు, ద్రవమైతే 100 మిల్లీలీటర్లకు 20 దాటకూడదు. కిలో కేలరీనే మనం వాడుకలో కేలరీ అంటాం. పై మాటల్లో బరువుతో నేరుగా సంబంధం ఉన్నది ఇదొక్కటే. అయితే పిండితో చేసి ఆరబెట్టిన ఏ బిస్కెట్టూ, ఏ కారప్పూసా 40 కేలరీల దరిదాపుల్లోకి రాదు. వాటిలో 100 గ్రాములకు 400 నుంచి 550 దాకా ఉంటాయి. అందుకే బిస్కెట్ ప్యాకెట్ మీద ‘లో క్యాలరీ’ అని రాయరు, రాయడానికి వీలు లేదు. దాని బదులు ‘షుగర్ ఫ్రీ’ అని రాస్తారు. ఆ మాటను కేలరీలు లేనట్టుగా అర్థం చేసుకునేది కొనేవాళ్లే.

‘లైట్’ అన్న మాట దారి వేరు. తనలాంటి మామూలు రకంతో పోలిస్తే చెప్పిన పోషకం కనీసం 25 శాతం తగ్గితే చాలు. ఒక మిక్స్చర్‌లో 100 గ్రాములకు 36 గ్రాముల కొవ్వు ఉందనుకుందాం. దాన్ని 27కి తగ్గిస్తే ‘లైట్’ అయిపోతుంది. తగ్గిన 9 గ్రాముల కొవ్వు అంటే 81 కేలరీలు, ఆ మేరకు మేలే. కానీ మిగిలిన 27 గ్రాములు ‘లో ఫ్యాట్’ హద్దుకు తొమ్మిది రెట్లు. ‘లైట్’ అని చూసి రెండో గుప్పెడు తీసుకుంటే ఆ 81 ఎప్పుడో చెల్లిపోతుంది.

ఒక బిస్కెట్ లెక్క

బజారులో దొరికే రకాలకు దగ్గరగా రెండు బిస్కెట్లను ఉదాహరణగా తీసుకుందాం. మొదటిది మామూలు మారీ రకం. 100 గ్రాములకు పిండి పదార్థాలు 77 గ్రాములు, అందులో చక్కెర 22, కొవ్వు 12, ప్రోటీన్ ఏడున్నర. రెండోది షుగర్ ఫ్రీ, డైజెస్టివ్ రకం. పిండి పదార్థాలు 66 గ్రాములు, చక్కెర 0.4, కొవ్వు 20, ప్రోటీన్ 8. ఈ 66 గ్రాముల్లో 14 గ్రాములు మాల్టిటాల్ అనే పాలియోల్ రకం తీపి పదార్థం.

లెక్క సులువు. పిండి పదార్థం, ప్రోటీన్ గ్రాముకు 4 కేలరీలు ఇస్తాయి, కొవ్వు 9. మారీలో పిండి పదార్థాల నుంచి 308, కొవ్వు నుంచి 108, ప్రోటీన్ నుంచి 30, మొత్తం 446. షుగర్ ఫ్రీలో మాల్టిటాల్‌కు గ్రాముకు దాదాపు 2.4 చొప్పున 34, మిగిలిన 52 గ్రాముల పిండి పదార్థాలకు 208, కొవ్వుకు 180, ప్రోటీన్‌కు 32, మొత్తం 454. చక్కెర 22 గ్రాముల నుంచి దాదాపు సున్నాకు వచ్చింది, కేలరీలు మాత్రం ఎనిమిది పెరిగాయి.

ఇందులో మోసం లేదు, వంట సూత్రమే ఉంది. బిస్కెట్‌లో చక్కెర పని తీపి ఒక్కటే కాదు. ముద్దకు బరువు, పరిమాణం ఇస్తుంది. కాల్చినప్పుడు రంగు, కరకరలాడే గుణం తెస్తుంది. తీపిని సుక్రలోజ్ లాంటి తీపి పదార్థం చిటికెడు వేసి తేవచ్చు, ఎందుకంటే అది చక్కెర కంటే దాదాపు 600 రెట్లు తీపి. కానీ ఖాళీ అయిన 22 గ్రాముల చోటును చిటికెడు పొడి నింపలేదు. ఆ చోటులోకి మరికాస్త పిండి, మాల్టిటాల్ లాంటి పాలియోల్, మాల్టోడెక్స్‌ట్రిన్, కొవ్వు చేరతాయి. చక్కెర లేని ముద్ద కాలాక చెక్కలా గట్టిబడకుండా కొవ్వు కాపాడుతుంది.

మాల్టోడెక్స్‌ట్రిన్ గురించి ఒక మాట. ఇది పిండిని విడగొట్టి చేసే పొడి. గ్రాముకు 4 కేలరీలే, అంటే చక్కెరతో సమానం. రక్తంలో గ్లూకోజును కూడా వేగంగానే పెంచుతుంది. అయితే లేబుల్‌పై ‘చక్కెరలు’ అన్న గడిలో గ్లూకోజు, ఫ్రక్టోజు, సుక్రోజు, లాక్టోజు లాంటి చిన్న అణువులే లెక్కకు వస్తాయి. మాల్టోడెక్స్‌ట్రిన్‌లో ఎక్కువ భాగం ఆ గడిలోకి రాకుండా పైనున్న మొత్తం కార్బోహైడ్రేట్ గడిలో కలిసిపోతుంది. షుగర్ వ్యాధి ఉన్నవాళ్లు చక్కెర గడి ఒక్కటే చూసి ఆగిపోతే పొరబడేది ఇక్కడే.

పాలియోల్స్ ఉన్న ప్యాకెట్ మీద అవి విరేచనకారిగా పనిచేయవచ్చన్న హెచ్చరిక చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. పేగుల్లో పూర్తిగా అరగకపోవడమే దానికి కారణం. కేలరీలు తక్కువగా ఇవ్వడానికీ అదే కారణం. ఒకేసారి పది, పన్నెండు బిస్కెట్లు తిని కడుపు ఉబ్బరమంటే అనుమానించాల్సింది దీన్నే.

తాగే వాటిలో కథ వేరు

మామూలు కోలాలో 100 మిల్లీలీటర్లకు పదిన్నర గ్రాముల చక్కెర ఉంటుంది. 300 మిల్లీలీటర్ల సీసాలో 32 గ్రాములు, అంటే దాదాపు 125 కేలరీలు. ఆ చక్కెర తీసేస్తే ఖాళీ చోటును నీళ్లే నింపుతాయి. నీళ్లకు కేలరీలు లేవు కాబట్టి డైట్ కోలాలో కేలరీలు దాదాపు సున్నా. ఇక్కడ ప్యాకెట్ మాటా, కేలరీల లెక్కా ఒకే దారిలో నడుస్తాయి. పాలు కూడా ఇంతే. 6 శాతం కొవ్వున్న ఫుల్ క్రీమ్ బదులు ఒకటిన్నర శాతం ఉన్న డబుల్ టోన్డ్ వాడితే కేలరీలు దాదాపు సగానికి వస్తాయి, ఎందుకంటే వెన్న పోయిన చోట చక్కెర, స్టార్చ్ లాంటివి కలపరు.

అయితే డైట్ కోలా తాగితే సన్నబడతారని దీనికి అర్థం కాదు. బరువు అదుపు కోసం కృత్రిమ తీపి పదార్థాల మీద ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మేలో సూచించింది. దీర్ఘకాలంలో శరీరంలోని కొవ్వు తగ్గడానికి అవి సాయపడుతున్నట్టు ఆధారాలు కనిపించలేదని చెప్పింది. ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్లకు ఈ సూచన వర్తించదు.

లో ఫ్యాట్ పెరుగు, ఇంట్లో తోడుపెట్టిన పెరుగు

పండు రుచి కలిపిన లో ఫ్యాట్ పెరుగు కప్పు ఒకటి చూద్దాం. 100 గ్రాములకు కొవ్వు ఒకటిన్నర గ్రాము, ప్రోటీన్ 4, కార్బోహైడ్రేట్ 15, అందులో కలిపిన చక్కెర 10. ఇలాంటివి మామూలే. దీని కేలరీలు 90 దాకా వస్తాయి. టోన్డ్ పాలు కాచి ఇంట్లో తోడుపెట్టిన పెరుగులో కొవ్వు 3 గ్రాములు, ప్రోటీన్ 3.2, కార్బోహైడ్రేట్ నాలుగున్నర. మొత్తం 58 కేలరీలు. గేదె పాలతోనో ఫుల్ క్రీమ్ పాలతోనో మీగడ కట్టేలా తోడుపెట్టినా 6 గ్రాముల కొవ్వుతో 87 దగ్గర ఆగుతుంది.

అంటే గట్టి మీగడ పెరుగు, ‘లో ఫ్యాట్’ కప్పు కేలరీల్లో ఇంచుమించు సమానం. కొవ్వు తగ్గితే పెరుగు పలచబడి పుల్లగా, చప్పగా అనిపిస్తుంది. రుచి నిలబెట్టడానికి చక్కెర, చిక్కదనానికి స్టార్చ్ వేస్తారు. కొవ్వు 3 గ్రాముల లోపే ఉంది కాబట్టి మాట చట్టబద్ధమే. ఏ రుచీ కలపని లో ఫ్యాట్ పెరుగైతే నిజంగా తేలిక, దాని మీద ఈ విమర్శ నిలవదు. ఈ రెండింటికీ తేడా తెలియాలంటే పట్టికలో ‘యాడెడ్ షుగర్స్’ అన్న గడి చూడాలి. పాలలో సహజంగా ఉండే లాక్టోజు ‘టోటల్ షుగర్స్’లోకి వస్తుంది, కంపెనీ కలిపింది మాత్రమే ఈ గడిలో పడుతుంది. సాదా పెరుగులో అది సున్నా ఉండాలి.

వేరుశనగ నూనె ప్యాకెట్ మీద కొలెస్ట్రాల్ ఫ్రీ అని ఉంటే దాని మీద ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. కొలెస్ట్రాల్ జంతువుల నుంచి వచ్చే తిండిలోనే ఉంటుంది, ఏ గింజ నూనెలోనూ చెప్పుకోదగ్గంత ఉండదు. ఏ నూనె అయినా గ్రాముకు 9 కేలరీలే.

వరి నాడులో షుగర్ ఫ్రీ బియ్యం

పెన్నా డెల్టాలో బియ్యం గురించి ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. మొలగొలుకుల నుంచి నెల్లూరు మసూరి దాకా రకాలను పేరుతో గుర్తుపట్టి కొనే ఊళ్లివి. అలాంటి చోట కూడా బియ్యం కొట్లలో ‘షుగర్ ఫ్రీ రైస్’, ‘షుగర్‌లెస్ బియ్యం’ అన్న మాటలు పాతుకుపోయాయి. ఆ పేరుతో ఎక్కువగా అమ్మేది ఆర్‌ఎన్‌ఆర్ 15048, అంటే తెలంగాణ సోనా.

మొదటి సంగతి, చక్కెర అన్న లెక్కలో ఏ బియ్యమైనా షుగర్ ఫ్రీనే. బియ్యంలో ఉండేది పిండి. తెలంగాణ సోనా ప్రత్యేకత గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే అన్నం తిన్నాక రక్తంలో గ్లూకోజు ఎంతగా, ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరీక్షల్లో ఈ రకానికి 51 చిల్లర వచ్చింది. 55, అంతకు లోపుంటే తక్కువ కిందే లెక్క. షుగర్ ఉన్నవాళ్లకు ఆ అంకెకు విలువ ఉంది. అయితే అది గ్లూకోజు పెరిగే తీరు గురించిన అంకె, కేలరీల గురించింది కాదు. వంద గ్రాముల బియ్యం వండితే తెలంగాణ సోనా అయినా, నెల్లూరు మసూరి అయినా దాదాపు 350 కేలరీలే. పేరు చూసి ఒక గరిటె అదనంగా వడ్డించుకుంటే బరువు విషయంలో నష్టమే. పైగా అన్నం మరీ మెత్తగా ఉడికితే ఆ తక్కువ ఇండెక్స్ కూడా కొంత పోతుంది.

ఖర్జూరం బర్ఫీ ట్రే

స్వీటు షాపుల సంగతి ఇంకా జటిలం. మలై కాజా పక్కనే అంజీర్ బర్ఫీ, ఖర్జూరం రోల్ ఉన్న ట్రేకు ‘షుగర్ ఫ్రీ’ అని చీటీ అంటించి ఉంటుంది. విడిగా తూచి ఇచ్చే స్వీటుకు పోషకాల పట్టిక ఉండదు కాబట్టి లెక్క మనమే వేసుకోవాలి.

వంద గ్రాముల రోల్‌లో ఖర్జూరం 60, జీడిపప్పు, బాదం కలిపి 30, నెయ్యి 10 గ్రాములు ఉన్నాయనుకుంటే, ఖర్జూరం నుంచి సుమారు 168, పప్పుల నుంచి 174, నెయ్యి నుంచి 90, మొత్తం 430 కేలరీల పైమాటే. ఖర్జూరంలో మూడింట రెండు వంతులు చక్కెరలే కాబట్టి ఈ రోల్‌లో 38 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. అర గ్రాము హద్దు ఉన్న ‘షుగర్ ఫ్రీ’ మాటకు ఇది ఏ విధంగానూ సరిపోదు.

ఇదే రోల్ ‘నో యాడెడ్ షుగర్’ అనవచ్చా అన్నది తర్వాతి ప్రశ్న. ఆ మాట వాడాలంటే పంచదార, బెల్లం, తేనె, సిరప్ ఏదీ కలపకపోవడం ఒక్కటే చాలదు. చక్కెర బదులు పని చేసేలా, తానే చక్కెరలున్న పదార్థాన్ని వేయకూడదని కూడా నిబంధన ఉంది. ఖర్జూరం ముద్దతో తీపి తెచ్చిన స్వీటు ఆ షరతు దగ్గరే ఆగిపోతుంది. ఖర్జూరంలో పీచు, ఖనిజాలు ఉన్నాయన్నది నిజమే, కాజాతో పోలిస్తే మెరుగన్న వాదనకూ చోటుంది. రోజూ నాలుగు ముక్కలు తినడానికి మాత్రం ఆ వాదన చాలదు. కోవా స్వీటులో పంచదార బదులు సుక్రలోజ్ వేసే షాపులూ ఉన్నాయి. వాటిలో చక్కెర నిజంగానే తగ్గుతుంది, కోవాలోని కొవ్వు, నెయ్యి యథాతథంగా ఉంటాయి.

పట్టిక ఎలా చదవాలి

ప్యాకెట్ వెనక పట్టికలో రెండు వరుసలుంటాయి. ఒకటి 100 గ్రాములకు, రెండోది ఒక ‘సర్వింగ్’ రోజువారీ అవసరంలో ఎంత శాతమో చెప్పేది. పోల్చడానికి మొదటిది, తినడానికి రెండోది. షుగర్ ఫ్రీ ప్యాకెట్‌ను ఒక చేత్తో, అదే సరుకు మామూలు ప్యాకెట్‌ను మరో చేత్తో పట్టుకుని 100 గ్రాములకు ఎనర్జీ గడి ఒక్కటి చూస్తే సగం పని అయిపోతుంది. తేడా పది, ఇరవై కేలరీలే అయితే అదనపు ధర కేలరీల కోసం కాదని తేలిపోతుంది. కేలరీలు దగ్గరగా ఉండి చక్కెర బాగా తగ్గిందంటే, కొవ్వు గడిలో పెరుగుదల కనిపించాలి. అదీ లేకపోతే కార్బోహైడ్రేట్ గడి చూడాలి. ముడిసరుకుల జాబితా బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు ఉంటుంది కాబట్టి మైదా, పామాయిల్ మొదట్లోనే ఉంటే ఆ బిస్కెట్ దేంతో తయారైందో అర్థమవుతుంది.

సర్వింగ్ దగ్గర ఎక్కువమంది పొరబడతారు. కంపెనీ ‘సర్వింగ్’ను రెండు బిస్కెట్లుగా రాస్తే, టీతో ఆరు తినేవాళ్లు ఆ శాతాన్ని మూడుతో గుణించుకోవాలి. పైన చెప్పిన షుగర్ ఫ్రీ బిస్కెట్ ఒక్కోటి 8 గ్రాములైతే ఆరింటికి 218 కేలరీలు. మారీ ఒక్కోటి ఐదున్నర గ్రాములు కాబట్టి నాలుగింటికి 98. ‘షుగర్ లేదు కదా’ అని నాలుగు కాస్తా ఆరవడం వల్ల వచ్చే తేడా, పంచదార తీసేసిన మేలును మింగేస్తుంది. చెంచాన్నర పంచదార వేసిన టీతో రెండు మారీ బిస్కెట్లు తిన్నా మొత్తం ఆ 218 కంటే తక్కువే. ఇది కాస్త చేదు నిజం, ముఖ్యంగా ప్యాకెట్‌కు ఎక్కువ డబ్బు పెట్టినవాళ్లకు.

రోజువారీ శాతం 2000 కేలరీల ఆధారంగా వేస్తారు. కలిపిన చక్కెరకు లేబుల్ లెక్కలో రోజుకు 50 గ్రాములు తీసుకుంటారు. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు సూచించింది 25 గ్రాములే. ఆ లెక్కన లేబుల్‌పై 20 శాతం అని ఉన్నది నిజానికి 40 శాతం అవుతుంది. ఇంట్లో కూర్చుని పని చేసే, బరువు తగ్గించుకుంటున్న చిన్న ఒళ్లు మహిళకు 2000 కేలరీలు కూడా ఎక్కువే.

ముందు వైపు ఏం మారవచ్చు

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2024లో పండ్ల రసాల మీద ‘100 శాతం పండ్ల రసం’ అన్న మాట తీసేయమని కంపెనీలకు చెప్పింది. ‘హెల్త్ డ్రింక్’ అన్న వర్గం కింద పాలు, ధాన్యం, మాల్ట్ పానీయాలను చూపవద్దని ఆన్‌లైన్ అమ్మకాల సంస్థలకు చెప్పింది. 2022 ముసాయిదాలో ప్యాకెట్ ముందు నక్షత్రాల రేటింగు ప్రతిపాదించింది. చిలీ దేశం వేరే దారి పట్టింది. 2016 నుంచి అక్కడ చక్కెర, ఉప్పు, సంతృప్త కొవ్వు, కేలరీలు హద్దు దాటితే ఒక్కోదానికి ఒక్కో నల్ల గుర్తు ప్యాకెట్ ముందే వేయాలి. మన దేశంలోనూ ప్యాకెట్ ముందు హెచ్చరిక ఎలా ఉండాలో తేల్చమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో కేంద్రానికి చెప్పింది.

రెండు పద్ధతులకూ తేడా మన బిస్కెట్ మీద పెట్టి చూస్తే తెలుస్తుంది. నక్షత్రాల పద్ధతిలో చక్కెర తగ్గిన మేలు, కొవ్వు పెరిగిన కీడు కలిసి ఒకే అంకె అవుతాయి. పీచు కాస్త ఎక్కువుంటే ఆ బిస్కెట్‌కు మధ్యరకం నక్షత్రాలు రావచ్చు, ఏది ఎక్కువో తెలియదు. చిలీ పద్ధతిలో ‘షుగర్ ఫ్రీ’ అన్న అక్షరాల పక్కనే కేలరీలు ఎక్కువన్న నల్ల గుర్తు పడుతుంది. కొనేవాళ్లు వెనక్కి తిప్పకుండానే రెండూ కనిపిస్తాయి. బరువు సంగతి చూసుకునేవాళ్లకు రెండోదే ఉపయోగం. అయితే ఏ పద్ధతి వచ్చినా అది ప్యాకెట్ సరుకుకే. ఖర్జూరం రోల్ ట్రే మీద అంటించిన చీటీ, బియ్యం బస్తా పక్కన కొట్టువాళ్లు చెప్పే మాట దాని పరిధిలోకి రావు. అక్కడ ఇంకా నోటి లెక్కే గతి.